తొంభై వేల నూనె డీలా, యాభై నాలుగు వేల నెయ్యి డీలా: సంతకానికి ముందు రెండు డ్రాఫ్టుల పోలిక

నెల్లూరులో వంటల రీల్స్ చేసే ఒకామె ఉందనుకుందాం. ఇన్‌స్టాగ్రామ్‌లో 80 వేల మంది ఫాలోవర్లు. మామూలు నెలలో బిర్యానీ పాయింట్లు, మెస్సులు, స్వీటు షాపులు కలిపి నాలుగు రీల్స్ వస్తాయి. ఒక్కోదానికి 7,000 చొప్పున నెలకు 28,000. దసరాకు ముందు ఒకే వారంలో ఆమెకు రెండు డ్రాఫ్టులు వచ్చాయి. ఇందులో అంకెలు మనం వేసుకున్నవే, మీ అంకెలు పెట్టి చూసుకోండి. క్లాజులు మాత్రం ఇలాంటి డ్రాఫ్టుల్లో తరచూ కనిపించేవే.

మొదటిది హైదరాబాద్ ఏజెన్సీ నుంచి, ఒక వంటనూనె బ్రాండు కోసం. పద్నాలుగు పేజీలు. మూడు రీల్స్, మూడు స్టోరీలకు 90,000. సంతకం నుంచి చివరి రీల్ పడేదాకా 45 రోజులు. ఆ తర్వాత మరో 90 రోజుల దాకా ఆహారం, పానీయాలు, వాటికి సంబంధించిన సేవల్లో ఇంకెవరికీ పని చేయకూడదు. కంటెంట్ మీద హక్కులన్నీ శాశ్వతంగా బ్రాండువి. బ్రాండు నుంచి ఏజెన్సీకి డబ్బు అందాక 60 రోజుల్లో చెల్లింపు.

రెండోది ఒంగోలులో నెయ్యి తయారు చేసే చిన్న సంస్థ నుంచి. లెటర్‌హెడ్ మీద ఒకటే పేజీ. మూడు రీల్స్‌కు 54,000. సంతకం రోజు సగం, చివరి రీల్ పడ్డ 15 రోజుల్లో మిగతా సగం. మొదటి రీల్ నుంచి 30 రోజులు వేరే నెయ్యి బ్రాండుకు చేయకూడదు. కంటెంట్ ఎవరిదో అందులో ఒక్క మాట కూడా లేదు.

చూడగానే నూనె డీల్ 36,000 ఎక్కువ. ఆ తేడా నిజంగా చేతికి వస్తుందా అన్నది క్లాజులు చదివితేగానీ తెలియదు.

ఎక్స్‌క్లూజివిటీ: ముందు ఇక్కడే లెక్క వేయాలి

ఇంకెవరికీ పని చేయకూడదని కట్టడి చేసే ఎక్స్‌క్లూజివిటీ క్లాజులో మూడు సంగతులు చూడాలి. ఏ సరుకుల మీద, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఏది చేస్తే ఉల్లంఘన.

ఏజెన్సీ డ్రాఫ్టులో విభాగం పేరు "ఆహారం, పానీయాలు, సంబంధిత సేవలు". ట్రంక్ రోడ్డు మీది బిర్యానీ హోటలు అందులోకి వస్తుంది. మలై కాజా అమ్మే స్వీటు షాపు వస్తుంది. టీ స్టాలూ వస్తుంది. వంటల క్రియేటర్‌కు అన్నం పెట్టే పనులన్నీ ఆ మూడు మాటల్లో ఇమిడిపోయాయి. ఇక కాలం చూస్తే చెప్పేది 90 రోజులేగానీ, గడియారం మొదలయ్యేది సంతకం నుంచి. ముందున్న 45 కలిపితే 135 రోజులు, అంటే నాలుగున్నర నెలలు. రీల్ ఆమోదం ఆలస్యమై చివరి పోస్టు నెల జరిగితే ఇదీ నెల జరుగుతుంది. ఆలస్యం బ్రాండుదే అయినా కట్టుబడి ఉండాల్సింది ఆమే.

నెలకు 28,000 చొప్పున నాలుగున్నర నెలలు అంటే 1,26,000. వచ్చేది 90,000. అక్షరాలా పాటిస్తే ఈ డీల్ వల్ల 36,000 చేతి నుంచి పోతుంది. ఇందాక లాభంలా కనిపించిన అంకె అదే, గుర్తు మాత్రం తిరగబడింది. పండగ సీజన్ అంతా ఆ నాలుగున్నర నెలల్లోనే పడుతుంది గనుక అసలు నష్టం ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

నెయ్యి డ్రాఫ్టులో అదే లెక్క వేస్తే దాదాపు సున్నా. 30 రోజుల్లో ఇంకో నెయ్యి బ్రాండు వచ్చే అవకాశం తక్కువ. హోటళ్లు, స్వీటు షాపుల పని మామూలుగా సాగుతుంది. 54,000 పూర్తిగా మిగులుతుంది.

ఇక్కడ చాలామంది, ఇలాంటి కట్టడి చట్టం ముందు నిలబడదులే అంటారు. అందులో సగమే నిజం. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 27వ సెక్షన్ ప్రకారం, వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్‌కూ ఒక ప్రమోషన్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు ముగిశాక కూడా అతన్ని కట్టేసే షరతును చెల్లనిదిగా చూసింది. కాంట్రాక్టు నడుస్తున్న కాలంలోని ఎక్స్‌క్లూజివిటీని మాత్రం కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. అందుకే తెలివైన డ్రాఫ్టులు ఆ 90 రోజుల్నీ ఒప్పంద కాలంలోనే కలిపేస్తాయి. అదీగాక, ఏ ఏజెన్సీ అయినా మీ మీద కోర్టుకెక్కే అవసరం ఏముంది? ఉల్లంఘన జరిగిందని ఒక ఈమెయిల్ పెట్టి 90,000 ఆపేస్తే సరిపోతుంది. కోర్టుకు వెళ్లాల్సింది అప్పుడు మీరే. కాబట్టి 27వ సెక్షన్ మీద భరోసా పెట్టుకుని సంతకం చేయడం మంచి ఆలోచన కాదు.

మార్పు అడిగేటప్పుడు విభాగాన్ని సరుకు పేరుతో కుదించమనాలి. "ప్యాకెట్లు, బాటిళ్లలో అమ్మే వంటనూనెలు" అని రాసి, పక్కన ఐదారు పోటీ బ్రాండుల పేర్లు ఇమ్మనండి. పేర్లు ఇస్తే వాదనకు తావుండదు. కాలం మొదటి రీల్ నుంచి మొదలై చివరి రీల్ తర్వాత 30 రోజులకు ముగియాలి. చివరి రీల్ బ్రాండు వల్ల ఆలస్యమైతే, మొదట అనుకున్న తేదీ నుంచే ఆ 30 రోజులు లెక్కించాలని కూడా రాయించాలి.

ఇందులో ఒక మాట దగ్గర ఆగి చూడాలి. కుదించిన డ్రాఫ్టు తిరిగొచ్చేటప్పుడు "వంటనూనెలు, కొవ్వులు" అని వస్తుంది కొన్నిసార్లు. ఇది ఏజెన్సీ కుట్ర అనుకోనక్కర్లేదు, వాళ్ల పాత ఫార్మాట్‌లో ఆ రెండూ కలిసే ఉంటాయి. కానీ నెయ్యి కొవ్వే. ఆ ఒక్క మాటతో ఒంగోలు డీల్ ఉల్లంఘన కిందికి పోతుంది, 54,000కి నీళ్లొదులుకోవాలి. అటువైపు నెయ్యి వాళ్ల కాగితంలో "నెయ్యి" అని కాకుండా "వంటలో వాడే నూనె, నెయ్యి" అని ఉంటే ఇటు నూనె డీల్ పోతుంది. రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి ఒకదానిలోని విభాగం రెండోదాని సరుకును తాకుతుందేమో చూడాలి. విడివిడిగా చదివితే ఇది దొరకదు.

ఉల్లంఘనకు ఇచ్చిన నిర్వచనం కూడా చదవండి. "పోటీ బ్రాండు ఏ రూపంలోనూ కనిపించరాదు" అని ఉంటే, హోటల్ వంటగదిలో తీసిన రీల్‌లో వెనకాల వేరే నూనె డబ్బా కనిపించినా చిక్కే. మూడేళ్ల కిందటి పోస్టులో ఉన్నా చిక్కే. యాదృచ్ఛికంగా కనిపించడం, పాత పోస్టులు, డబ్బు తీసుకోకుండా చెప్పిన అభిప్రాయం, ఈ మూడూ ఉల్లంఘన కావని ఒక వాక్యం చేర్పించాలి.

విభాగం మొత్తం కావాల్సిందేనని బ్రాండు పట్టుబడితే దానికి విడిగా ధర చెప్పండి. రీల్స్‌కు 90,000, ఆగిపోయే పనికి 1,26,000, మొత్తం 2,16,000. అంత ఇస్తారని కాదు. కానీ ఆ లెక్క ఈమెయిల్‌లో ఎదురుగా కనిపించాక, విభాగం కుదించడం వాళ్లకే తేలికగా అనిపిస్తుంది.

రీల్ ఎవరిది: పద్నాలుగు పేజీల కన్నా ఒక్క పేజీయే మోసం చేసే చోటు

హక్కులన్నీ శాశ్వతంగా బ్రాండువని రాసిన ఏజెన్సీ డ్రాఫ్టు చూసి ఎవరైనా భయపడతారు. ఏమీ రాయని నెయ్యి కాగితం చూసి, తీసింది నేను, రీల్ నాదేగా అనుకుంటారు. ఇక్కడ చట్టం అనుకున్నదానికి ఎదురు తిరుగుతుంది. కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు కోరి ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫొటోకు, సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్‌కు మొదటి యజమాని తీయించుకున్నవారే. ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప. ఆ చట్టంలో సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్ అంటే థియేటర్ సినిమా ఒక్కటే కాదు, దృశ్య రికార్డింగు ఏదైనా వస్తుంది. పెళ్లి వీడియోకు వర్తించే సూత్రమే రీల్‌కూ. అంటే కాగితం నోరు మెదపకపోతే లాభం బ్రాండుకే.

కాబట్టి ఈ విషయంలో నెయ్యి డ్రాఫ్టు మంచిదేమీ కాదు. రెండూ ఒకే గమ్యానికి వెళ్తాయి. తేడా ఒక్కటే, నెయ్యి ఆయనకు ఈ సెక్షన్ గురించి పట్టింపు ఉండదు గనుక అడిగితే వెంటనే మారుస్తాడు. చేర్చాల్సింది ఇంత చాలు:

"ఈ ఒప్పందం కింద తీసిన రీల్స్, ఫొటోలు, వాటి అసలు ఫుటేజీ మీద కాపీరైట్ క్రియేటర్‌దే. పూర్తి చెల్లింపు అందిన రోజు నుంచి 3 నెలల పాటు, భారతదేశంలో, బ్రాండు సొంత ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీల్లో రీల్స్‌ను మార్పులు లేకుండా వాడుకోవడానికి బ్రాండుకు అనుమతి ఉంటుంది. డబ్బు పెట్టి యాడ్‌గా నడపడం, టీవీ, హోర్డింగు, ప్యాకింగ్ వాడుకలకు విడిగా రాతపూర్వక అనుమతి కావాలి."

ఇందులో కాలం, ప్రాంతం రాయడం అలంకారం కోసం కాదు. హక్కు రాసిచ్చే కాగితంలో కాలం చెప్పకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది. ప్రాంతం చెప్పకపోతే దేశమంతా. లైసెన్సులకూ ఇవే నియమాలు వర్తిస్తాయి. మూడు నెలల పండగ ప్రచారానికని ఇచ్చిన రీల్ ఐదో ఏడాది కూడా నడుస్తుంటే, అప్పటికి మీరు ఇంకో నెయ్యి బ్రాండుకు పని చేస్తూ ఉంటే, పాత రీల్ మీ కొత్త ఎక్స్‌క్లూజివిటీనే దెబ్బతీస్తుంది.

ఏజెన్సీ దగ్గర కాపీరైట్ పూర్తిగా వెనక్కి రావడం కష్టం. బ్రాండు నిజంగా కోరేది సాధారణంగా మీ అకౌంట్ పేరుతోనే ఆ రీల్‌ను యాడ్‌గా నడుపుకోవడం. ఇన్‌స్టాగ్రామ్‌లో దీనికి మీ అనుమతి అవసరం, యాడ్ కోడ్ ఇచ్చేది మీరే. కాబట్టి బేరం అక్కడ పెట్టండి. ఒక నెల యాడ్ వాడుక 90,000లో కలిసి ఉంటుంది, ఆపైన ప్రతి నెలకు ఇంత అని. క్రియేటర్లు దీనికి రీల్ ధరలో కొంత శాతం చొప్పున అడగడం వాడుక. అంకె ఎంతన్నది మీ మార్కెట్‌ను బట్టి.

మార్పులు చేసే హక్కు గురించి ఒక్క మాట. "డెరివేటివ్ వర్క్స్" అనే పదం డ్రాఫ్టులో ఉంటే, మీ 45 సెకన్ల రీల్‌ను 6 సెకన్లకు కోసి, మీరు చెప్పిన షరతు తీసేసి, పొగిడిన ముక్క ఒక్కటే ఉంచొచ్చు. కోతలు ఏవైనా మీకు చూపించి ఆమోదం తీసుకోవాలని రాయించండి. అలాగే రీల్‌లో సినిమా పాట పెట్టి, అదే రీల్‌ను బ్రాండు యాడ్‌గా నడిపితే పాట హక్కుదారుల నుంచి నోటీసు రావచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో దొరికే పాటలు వ్యాపార ప్రకటనలకు ఇచ్చినవి కావు. నష్టపరిహారం క్లాజు ప్రకారం ఆ ఖర్చు మీ మెడకే చుట్టుకుంటుంది. పెయిడ్ రీల్స్‌కు వాణిజ్య వాడుక అనుమతి ఉన్న సంగీతమో, మీ గొంతో మాత్రమే పెట్టండి.

యాడ్ అని చెప్పే బాధ్యత

"యాడ్ అని పడితే ఎవరు చూస్తారు బ్రదర్, కింద హ్యాష్‌ట్యాగుల్లో పడెయ్" అన్న మాట ఎక్కువగా వాట్సాప్ కాల్‌లో వస్తుంది. కాగితం మీద ఉండదు. కాగితంలో ఉండేదల్లా "క్రియేటర్ వర్తించే చట్టాలన్నీ పాటించాలి" అన్న వాక్యం. కాల్‌లో దాచమంటారు, కాగితంలో బాధ్యత మీ మీద పెడతారు. ఈ రెండూ కలిసి వచ్చిన చోట జాగ్రత్త.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద, తప్పుదారి పట్టించే ప్రకటనలో మాట్లాడినవారికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాది పాటు ఎండార్స్‌మెంట్లు చేయకుండా ఆపొచ్చు, మళ్లీ చేస్తే మూడేళ్లు. అదే చట్టం ఒక తలుపు కూడా తెరిచి ఉంచింది. చెప్పిన విషయం నిజమో కాదో తగినంత శ్రద్ధతో పరిశీలించానని చూపగలిగితే ఎండార్స్ చేసినవారికి జరిమానా ఉండదు.

నూనె స్క్రిప్టులో "గుండెకు మంచిది" అన్న మాట ఉందనుకోండి. ఆ మాటకు ఆధారం బ్రాండు దగ్గర ఉండాలి, దాని నకలు మీ దగ్గర ఉండాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, ఆ మాటకు మద్దతుగా ల్యాబ్ రిపోర్టు లేదా శాస్త్రీయ ఆధారం, ఇవి షూటింగ్‌కు ఐదు పనిదినాల ముందు ఈమెయిల్‌లో రావాలని, రాకపోతే ఆ వాక్యం చెప్పకుండానే రీల్ పూర్తయినట్టు లెక్కించాలని ఒప్పందంలో రాయించండి. నెయ్యి స్క్రిప్టులో "స్వచ్ఛమైన ఆవునెయ్యి" అన్నా ఇదే పద్ధతి. చిన్న సంస్థ గదా అని వదిలేయొద్దు. పెద్ద బ్రాండుకు లీగల్ టీమ్ ఉంటుంది, చిన్న సంస్థలో ఆ మాటను అసలెవరూ పరిశీలించి ఉండకపోవచ్చు. ఈ ఒక్క విషయంలో నూనె డీల్‌కే కొంచెం మొగ్గు.

లేబుల్ విషయానికొస్తే, 2023 జనవరిలో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం వీడియోలో రాతలోనూ మాటలోనూ రెండు విధాలా చెప్పాలి, ఎండార్స్‌మెంట్ ఏ భాషలో ఉంటే వెల్లడి కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగు రీల్‌కు "ప్రకటన" అనో "యాడ్" అనో తెలుగులోనే తెర మీద పడాలి, మొదట్లోనే నోటితో అనాలి. ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల Paid partnership గుర్తు పెట్టండి, కానీ అదొక్కటీ చాలదు. ఎంతసేపు ఉంచాలన్నది ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ చెప్పింది. 15 సెకన్లలోపు వీడియోలో కనీసం 3 సెకన్లు, 15 సెకన్ల నుంచి 2 నిమిషాల దాకా నిడివిలో మూడో వంతు, అంతకు మించితే బ్రాండు ప్రస్తావన ఉన్న భాగమంతా. మన 45 సెకన్ల రీల్‌కు 15 సెకన్లు. డబ్బు కాకుండా నెయ్యి డబ్బాలు ఉచితంగా పంపినా ఇది తప్పదు.

రెండు కాగితాల్లోనూ ఈ వాక్యం ఉండాలి: లేబుల్ పెట్టడం ఉల్లంఘన కాదు, లేబుల్ తీసేయమని బ్రాండు అడగరాదు, లేబుల్ కారణంగా వ్యూస్ తగ్గాయని డబ్బు కోయరాదు. చివరి ముక్క ముఖ్యం. వ్యూస్ గ్యారంటీ క్లాజు ఉన్న డ్రాఫ్టుల్లో కోత అక్కడి నుంచే మొదలవుతుంది.

డబ్బు: ఏ రోజున, ఎవరి నుంచి

ఏజెన్సీ క్లాజును తేదీలుగా మార్చి చూడండి. సంతకం సున్నా రోజు. చివరి రీల్ 45వ రోజు. బ్రాండు ఏజెన్సీకి ఎప్పుడిస్తుందో ఒప్పందంలో లేదు. 60 రోజులు అనుకుంటే 105వ రోజు. అక్కడి నుంచి ఏజెన్సీకి 60 రోజులు, అంటే 165వ రోజు. ఎక్స్‌క్లూజివిటీ ముగిసేది 135వ రోజు. మాట ఇచ్చిన కట్టడి మొత్తం పూర్తయి, నెల గడిచాక డబ్బు వస్తుంది. బ్రాండు ఏజెన్సీకి ఇవ్వకపోతే అసలు గడువే మొదలుకాదు. బ్రాండుతో ఆమెకు ఒప్పందం లేదు కాబట్టి బ్రాండును అడగలేదు. ఏజెన్సీ ఏమో, మాకు రాలేదు అంటుంది. ఆలస్యాలు ఎక్కువగా పుట్టేది ఈ సందులోనే.

దీనికి ఉన్న గట్టి ఆయుధం సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల కోసం వచ్చిన ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం 2006. క్రియేటర్ సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తీసుకుని ఉంటే, సేవ అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటి చెల్లింపు గడువు పెట్టడం కుదరదు, ఒప్పందంలో ఎంత రాసుకున్నా. గడువే రాయకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, నెల నెలా కలుపుతూ. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. 90,000 నాలుగు నెలలు ఆలస్యమైతే సుమారు 5,500 వస్తుంది. అంకె చిన్నదే. కానీ ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు ఉంటే ఏజెన్సీ అకౌంట్స్ విభాగం దాన్ని వేరే కళ్లతో చూస్తుంది. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా కట్టని సొమ్మును ఆ సంవత్సరం ఖర్చుగా చూపుకోవడంలో వాళ్లకు ఆదాయపు పన్ను ఇబ్బంది ఉంటుంది.

రిజిస్ట్రేషన్ udyamregistration.gov.in లో ఉచితం. ఆధార్, పాన్ చాలు. డబ్బు అడిగే మధ్యవర్తి సైట్లు బోలెడున్నాయి, వాటి జోలికి పోవద్దు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: రిజిస్ట్రేషన్ ఒప్పందానికి ముందే ఉండాలి. డబ్బు ఆగాక తీసుకున్న రిజిస్ట్రేషన్ ఆ పాత బాకీకి పనికిరాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2025లో ఆ ప్రశ్నను పెద్ద బెంచికి పంపినా రిస్కు తీసుకోవద్దు. కాబట్టి సంతకానికి ముందు రోజైనా సరే తీసుకోండి.

ఏజెన్సీ డ్రాఫ్టులో వివాదాలు హైదరాబాద్‌లో ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలని ఉంది. ఉద్యమ్ ఉంటే ఇలాంటి బాకీ వివాదాలు తేల్చే, సేవ ఇచ్చినవారున్న ప్రాంతపు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా సరే. విడిగా ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కౌన్సిల్ వెంటనే తేలుస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చట్టం 90 రోజులంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది.

45 రోజులు ఎప్పటి నుంచి అన్నది అంగీకారం మీద ఉంటుంది. సేవ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. అందుకే మార్పుల క్లాజు బిగించాలి. రెండు విడతల మార్పులు, ఒక్కో విడతకు బ్రాండు జవాబుకు మూడు పనిదినాలు, జవాబు రాకపోతే ఆమోదించినట్టు. పరిమితి లేని మార్పులు అంటే పరిమితి లేని ఆలస్యం. రీల్ పడ్డ రోజే స్క్రీన్‌షాట్, లింకుతో ఇన్‌వాయిస్ ఈమెయిల్ చేయండి, వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు.

ఇన్ని అడగలేననుకుంటే ఒక్కటి అడగండి: చెల్లింపు గడువు దాటిన రోజు నుంచి ఎక్స్‌క్లూజివిటీ, కంటెంట్ వాడుక అనుమతి రెండూ ఆగిపోతాయని. ఆలస్యం వల్ల బ్రాండుకూ ఏదో పోయే ఏర్పాటు ఇదొక్కటే. వడ్డీ క్లాజు కన్నా ఇది బాగా పని చేస్తుంది, ఎందుకంటే దీనికి ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు.

నెయ్యి కాగితంలో 27,000 ముందే చేతికొస్తుంది. మిగతా 27,000 "పండగ అమ్మకాలయ్యాక సర్దుదాంలే" అన్న మాటల్లో చిక్కుకోవచ్చు. దానికి విరుగుడు వరస మార్చడమే, మూడో రీల్ పోస్టు చేసే ముందే మిగతా సగం. ఒంగోలు నుంచి నెల్లూరు దూరమేమీ కాదు, యజమాని ఎవరో తెలుసు. అయినా కాగితం మీద ఆయన పాన్ గానీ జీఎస్టీ నంబరు గానీ ఉండేలా చూడండి. రేపు నోటీసు ఇవ్వాల్సి వస్తే ఆ సంస్థ అసలు పేరు అక్కడే దొరుకుతుంది. అన్నట్టు, ఏజెన్సీ 10 శాతం టీడీఎస్ కోసి 81,000 వేస్తే అది బాకీ కాదు. మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి.

ఇప్పుడు ఏది?

ఉన్నది ఉన్నట్టుగా అయితే నెయ్యి. కాపీరైట్ వాక్యం ఒకటి చేర్పించి సంతకం చేయొచ్చు. నూనె డ్రాఫ్టు ఉన్నదున్నట్టు తీసుకోవడం కన్నా ఏ డీలూ లేకుండా హోటల్ రీల్స్ చేసుకోవడమే మేలు.

ఏజెన్సీ విభాగాన్ని వంటనూనెలకు కుదించి, చెల్లింపును చివరి రీల్ నుంచి 45 రోజులకు తెస్తే నూనె డీల్ ముందుకు వస్తుంది, కాపీరైట్ విషయంలో వాళ్లు ఒప్పుకోకపోయినా. వంటనూనె రీల్ ఆమెకు మళ్లీ వాడుకొనేంత విలువైన వస్తువు కాదు. అదే రీల్‌లో అమ్మమ్మ చేపల పులుసు రెసిపీ లాంటి, ఆమె పేజీకి గుర్తింపు తెచ్చిన కంటెంట్ ఉంటే ఆ మాట వర్తించదు, అప్పుడు ఫుటేజీ వదులుకోవద్దు. చెల్లింపు 45కు తెచ్చి విభాగం మాత్రం మార్చేది లేదంటే వదిలేయండి. విభాగం మార్చి చెల్లింపు మార్చేది లేదంటే, మూడో వంతు అడ్వాన్స్ అడిగి చూడండి. 30,000 ముందు వస్తే, ఇంట్లో ఐదు నెలలు నెట్టుకురాగలిగితే ఒప్పుకోవచ్చు.

అన్నిటికన్నా మంచిది రెండూ చేసుకోవడం, 1,44,000. దానికి సంతకాల వరస చూసుకోవాలి. ఏజెన్సీ డ్రాఫ్టు చివరి పేజీల్లో "ఈ ఒప్పందానికి అడ్డువచ్చే వేరే ఒప్పందాలేవీ క్రియేటర్‌కు లేవు" అని ఒక హామీ ఉంటుంది. నెయ్యి కాగితం మీద ముందు సంతకం చేసి, ఏజెన్సీకి పంపే తుది డ్రాఫ్టుకు అనుబంధంగా "ప్రస్తుతం నడుస్తున్న ఒప్పందాలు" అని ఒక చిన్న పట్టిక జత చేయాలి. నెయ్యి ప్రచారం తేదీలు, నెలవారీ హోటల్ రీల్స్ అందులో రాసి, ఇవి ఉల్లంఘన కావని ఒక వాక్యం పెట్టి, రెండు పక్షాలూ ఆ పేజీ మీద కూడా సంతకం చేయాలి. ఏజెన్సీ ఆ పేజీ మీద సంతకానికి వెనకాడితే, కుదించామన్న విభాగాన్ని వాళ్లు ఇంకా పాత అర్థంలోనే చూస్తున్నారన్నమాట.